మ్యాప్‌పై కదిలే బైకు: డెలివరీ పార్ట్‌నర్ ఫోనులో బ్యాటరీ ఎక్కడ ఖర్చవుతుంది?

భోజనమో కిరాణా సరుకులో ఆర్డర్ చేసిన తరువాత ఫోను తెరపై ఒక చిన్న బైకు బొమ్మ వీధుల వెంట కదులుతూ కనిపించడం నగరవాసులకు నిత్యకృత్యమైపోయింది. ఆ బొమ్మ ఎక్కడా ఆగకుండా సాఫీగా సాగుతుంది కనుక, డెలివరీ పార్ట్‌నర్ ఫోను క్షణక్షణం తన స్థానాన్ని పంపుతూ ఉంటుందని చూసేవారికి అనిపిస్తుంది. వాస్తవం అది కాదు. సెకనుకొకసారి స్థానాన్ని కనుగొని, సెకనుకొకసారి పంపే ఫోను పూట గడవకముందే చార్జింగ్ కోసం వెతుక్కోవలసి వస్తుంది. చక్కగా రూపొందిన యాప్ చాలా తక్కువసార్లు పంపుతుంది. మధ్యలోని కదలికను వినియోగదారు ఫోనే ఊహించి గీస్తుంది.

ఇది కేవలం సాంకేతిక సౌలభ్యానికి సంబంధించిన విషయం కాదు. దేశంలో 2020-21లో 77 లక్షల మంది గిగ్ కార్మికులు ఉన్నారని నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. వారిలో ఇంటింటికీ సరుకు చేర్చేవారు ఒక ముఖ్య వర్గం. వారిని ‘పార్ట్‌నర్’ అని గౌరవంగా పిలుస్తున్నా ఫోను వారిదే, డేటా ప్యాక్ వారిదే, పవర్ బ్యాంకు కొన్న ఖర్చూ సాధారణంగా వారిదే. ఫోను ఆగిపోతే కొత్త ఆర్డర్ రాదు; చేతిలో ఉన్న ఆర్డర్ ఎక్కడ ఇవ్వాలో తెలియదు. రాత్రి భోజనాల వేళ, అంటే ఆర్డర్లు ఎక్కువగా వచ్చే సమయంలో, బ్యాటరీ అయిపోతే ఆ పూట ఆదాయానికే గండి పడుతుంది.

మూడు పనులు, మూడు వేగాలు

మ్యాప్‌పై బైకు కదలడం వెనుక మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. పార్ట్‌నర్ ఫోను తానెక్కడ ఉన్నదో కనుగొనడం మొదటిది. ఆ వివరాన్ని సంస్థ సర్వర్‌కు పంపడం రెండవది. వినియోగదారు తెరపై దాన్ని గీయడం మూడవది. ఈ మూడూ ఒకే వేగంతో జరగవలసిన అవసరం లేదన్నది ఇక్కడ గ్రహించవలసిన అసలు విషయం. అయిదు సెకన్లకొకసారి కనుగొని, ఇరవై సెకన్లకొకసారి పంపి, తెరపై మాత్రం సెకనుకు అనేకసార్లు గీయవచ్చు. బ్యాటరీ పొదుపు అంతా ఈ మూడింటినీ విడదీయడంలోనే ఉంది.

మొదట ఒక అపోహను తొలగించాలి. జీపీఎస్ వాడితే డేటా ఖర్చవుతుందని చాలామంది భావిస్తారు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను ఫోను వింటుంది, అంతే. వాటికి తిరిగి ఏమీ పంపదు. రేడియో వినేవారు ఆకాశవాణికి ఏమీ పంపనట్టే ఇదీను. మన నావిక్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో ఉపగ్రహాల విషయమూ ఇంతే. అయితే ఆ వినడానికి విద్యుత్తు కావాలి. బలహీనమైన సంకేతాలను పట్టుకొని, వేర్వేరు ఉపగ్రహాల నుంచి అవి వచ్చిన సమయాల్లోని తేడాను లెక్కకట్టే చిప్ పని చేస్తున్నంతసేపూ బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది.

ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, ఎంతో నెమ్మదిగా చెబుతుంది. ఏ సమాచారమూ లేని ఫోను ఆ వివరాలను నేరుగా ఆకాశం నుంచే వినాలంటే అర నిమిషం పట్టవచ్చు. అందుకే నేటి ఫోన్లు ఆ కక్ష్య వివరాలను మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ముందుగానే తెచ్చుకుంటాయి. కొద్దిపాటి డేటా ఖర్చయ్యేది అక్కడే. ఒకసారి తెచ్చుకున్నవి కొన్ని గంటలపాటు పనికొస్తాయి. కాబట్టి చిప్‌ను కాసేపు ఆపి మళ్లీ మేల్కొలిపినా స్థానం దొరకడానికి సాధారణంగా కొన్ని క్షణాలే పడుతుంది. నిలబడి ఉన్నప్పుడు చిప్‌ను పూర్తిగా ఆపివేయవచ్చన్న ధైర్యం యాప్ తయారుచేసేవారికి ఇందువల్లే కలిగింది.

పంపిన డేటా కాదు, పంపిన సార్లు

బ్యాటరీకి అసలు దెబ్బ రెండవ పనిలో తగులుతుంది. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

ఒక స్థానానికి సంబంధించి పంపవలసినది చాలా స్వల్పం: అక్షాంశం, రేఖాంశం, సమయం, వేగం, దిశ, ఆ లెక్క ఎంతవరకు కచ్చితమో తెలిపే ఒక సంఖ్య. దీనికి గుర్తింపు వివరాలు, భద్రతా ఏర్పాట్లు కలుపుకున్నా, సాధారణ పద్ధతిలో ఒకసారి పంపడానికి సుమారు ఒక కిలోబైట్ అవుతుందనుకుందాం. అయిదు సెకన్లకొకసారి చొప్పున ఎనిమిది గంటలు పంపితే 5,760 సార్లు అవుతుంది. అంటే రోజంతటికీ 6 మెగాబైట్ల కంటే తక్కువే. కొద్ది నిమిషాల వీడియోకు అయ్యే డేటా కూడా కాదది. రోజువారీ డేటా పరిమితి దాటి వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయినా ఒక కిలోబైట్ పంపడానికి సిద్ధాంత రీత్యా సెకనులో ఎనిమిదో వంతు చాలు. కాబట్టి లొకేషన్ పంపడం వల్లే డేటా ప్యాక్ అయిపోతోందన్న మాటలో పెద్దగా నిజం లేదు. డేటాను తినేవి మ్యాప్ బొమ్మలు, యాప్‌లోని ప్రకటనలు, ఖాళీ సమయంలో చూసే వీడియోలు.

మరి బ్యాటరీ ఎందుకు తరుగుతుంది? ఫోనులోని మొబైల్ రేడియో స్వభావం అలాంటిది. ఏదైనా పంపవలసి వచ్చినప్పుడు అది నిద్ర నుంచి లేచి టవర్‌తో సంబంధం కలుపుకుంటుంది. పంపడం క్షణంలో ముగిసిపోతుంది. కానీ వెంటనే నిద్రపోదు. ఇంకేమైనా వస్తుందేమోనని మరికొన్ని సెకన్లు మేల్కొనే ఉంటుంది. నెట్‌వర్క్ అమరికను బట్టి ఇది పది సెకన్ల వరకూ ఉండవచ్చు. ఒక ఉత్తరం ఇచ్చిన పోస్ట్‌మ్యాన్ మరో ఉత్తరం ఉందేమోనని గుమ్మంలోనే కాసేపు నిలబడినట్టు అన్నమాట. ఇప్పుడు అయిదు సెకన్లకొకసారి పంపే యాప్‌ను ఊహించండి. పది సెకన్ల ఎదురుచూపు ముగిసేలోపే మరో రెండు ఉత్తరాలు వస్తాయి. రేడియోకు నిద్రే ఉండదు. అదే ఇరవై సెకన్లకొకసారి, మధ్యలో కనుగొన్న నాలుగు స్థానాలనూ కలిపి ఒకే కట్టగా పంపితే, రేడియో దాదాపు సగం సమయం విశ్రాంతిగా ఉంటుంది. వివరం ఏదీ పోలేదు. నాలుగు స్థానాలూ సర్వర్‌కు చేరాయి. తగ్గినది మేల్కొలుపుల సంఖ్య మాత్రమే.

సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఈ తేడా మరింత పెరుగుతుంది. టవర్ దూరమైనకొద్దీ రేడియో గట్టిగా ‘అరవాలి’. భవనాల సెల్లారుల్లో, లిఫ్టుల్లో పంపే ప్రయత్నం విఫలమైతే, మంచి యాప్ వెంటవెంటనే మళ్లీ ప్రయత్నించదు. రెండు సెకన్లు, నాలుగు, ఎనిమిది అంటూ విరామాన్ని పెంచుకుంటూ పోతుంది. నాసిరకం యాప్ ఆగకుండా ప్రయత్నించి, పార్ట్‌నర్ మెట్లెక్కి దిగేలోపు ఫోనును వేడెక్కిస్తుంది.

కట్టగా పంపినప్పుడు డేటాను కూడా కుదించవచ్చు. నారాయణగూడ ప్రాంతంలో ఒక బిందువు 17.39530, 78.48960 అనుకుందాం. దశాంశం తరువాత అయిదు అంకెలు ఉంటే సుమారు ఒక మీటరు వరకు తేడా తెలుస్తుంది. ఫోను జీపీఎస్ కచ్చితత్వం ఆరుబయట కూడా సుమారు అయిదు మీటర్లే కనుక అంతకు మించిన అంకెలు వృథా. పది సెకన్ల తరువాత బిందువు 17.39562, 78.49004 అయితే, మొత్తం సంఖ్యలను మళ్లీ పంపనక్కరలేదు. 32, 44 అన్న తేడాలను పంపితే చాలు. ఉత్తరానికి సుమారు 35 మీటర్లు, తూర్పుకు సుమారు 47 మీటర్లు కదిలినట్టు, అంటే బైకు గంటకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్నట్టు, సర్వర్ ఆ రెండు చిన్న సంఖ్యల నుంచే గ్రహిస్తుంది.

నారాయణగూడ నుంచి తార్నాకకు

ఇప్పుడు ఒక ఆర్డర్‌ను మొదటి నుంచి చివరి వరకు లెక్కవేసి చూద్దాం. నారాయణగూడలోని ఒక హోటల్ నుంచి తార్నాకలోని ఒక అపార్ట్‌మెంట్‌కు ఆరు కిలోమీటర్ల దారి. పార్ట్‌నర్ హోటల్ వద్ద 12 నిమిషాలు వేచి ఉన్నారు, 22 నిమిషాలు ప్రయాణించారు, పొట్లం అందించడానికి 3 నిమిషాలు పట్టింది. మొత్తం 37 నిమిషాలు. అయిదు సెకన్లకొకసారి కనుగొని వెంటనే పంపే మొరటు పద్ధతిలో ఇది 444 సార్లు పంపడం అవుతుంది.

ఆలోచనతో రూపొందిన యాప్ ఇలా చేయదు. హోటల్ చుట్టూ 100 నుంచి 150 మీటర్ల మేర ఒక ఊహా వలయం గీసి, పార్ట్‌నర్ దాని లోపలికి రాగానే జీపీఎస్‌ను ఆపివేస్తుంది. కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్ అనే చిన్న పరికరం మాత్రం మేల్కొని ఉంటుంది. దానికి అయ్యే విద్యుత్తు అత్యల్పం. హోటల్ ముందు నిలబడి ఉన్న మనిషి ఎక్కడ ఉన్నారో అయిదు సెకన్లకొకసారి తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. రెండు నిమిషాలకొకసారి ‘ఇక్కడే ఉన్నాను’ అని చెబితే చాలు. ఆ 12 నిమిషాలకూ 6 సార్లు పంపడం సరిపోతుంది.

బైకు కదిలిన తరువాత మొదటి 18 నిమిషాల్లో, అంటే దాదాపు అయిదు కిలోమీటర్ల వరకు, వినియోగదారుకు తెలియవలసినది ‘బయలుదేరారు, దారిలో ఉన్నారు, ఇంకా ఇంత సమయం పడుతుంది’ అన్నంత వరకే. ఇరవై సెకన్లకొకసారి పంపితే 54 సార్లు. చివరి కిలోమీటరు వేరు. ఏ సందులోకి తిరిగారు, గేటు దాటి ముందుకు వెళ్లిపోయారా అన్నవి అక్కడ ముఖ్యం. ఆ నాలుగు నిమిషాలూ అయిదు సెకన్లకొకసారి చొప్పున 48 సార్లు పంపాలి. అందించే సమయంలో రెండుసార్లు చాలు. మొత్తం 110. మొరటు పద్ధతిలో నాలుగో వంతు మాత్రమే.

ఇంకా తగ్గించే మార్గం ఒకటి ఉంది. దాన్ని తరచుగా విస్మరిస్తుంటారు. ఆర్డర్ ఇచ్చినవారు మ్యాప్‌ను నిజంగా చూస్తున్నారా? చాలామంది ఒకసారి చూసి ఫోను పక్కన పెడతారు. వినియోగదారు యాప్ తెరిచి ఉన్నప్పుడే సర్వర్ ఆ సంగతిని పార్ట్‌నర్ ఫోనుకు తెలియజేసి, లేనప్పుడు నిమిషానికొకసారి పంపమంటే, ఆ 54 కాస్తా 18 అవుతుంది. చూసేవారు లేని సినిమా హాలులో కూడా రీలు పూర్తి వేగంతో తిప్పడం ఎవరికి లాభం?

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. పార్ట్‌నర్ బైకు హ్యాండిల్‌పై ఫోను బిగించి, ఎండలో పూర్తి వెలుతురుతో దారి చూపించే మ్యాప్ నడుపుతూ ఉంటే, తెరకు అయ్యే విద్యుత్తు ముందు పైన చెప్పిన పొదుపు చిన్నదిగా కనిపిస్తుంది. అప్పుడు జీపీఎస్ కూడా ఎలాగూ నిరంతరం పని చేస్తూనే ఉంటుంది. తెలిసిన దారిలో తెర ఆపి, మలుపుల వద్ద మాట ద్వారా సూచనలు వినడం, నగర మ్యాప్‌ను వైఫై ఉన్నచోట ముందుగా దింపుకోవడం పార్ట్‌నర్ చేతిలో ఉన్న నిజమైన పొదుపు మార్గాలు. వేసవి మధ్యాహ్నం ఎండ తగిలేచోట ఫోనును పవర్ బ్యాంకుకు తగిలించి నడిపినా చార్జింగ్ ఎక్కకపోవడం కొందరికి అనుభవమే. అది తీగ లోపం కాకపోవచ్చు. బ్యాటరీ మితిమీరి వేడెక్కినప్పుడు ఫోను తనను తాను కాపాడుకోవడానికి చార్జింగ్‌ను తగ్గిస్తుంది లేదా ఆపివేస్తుంది.

తెరపై కనిపించేది కొద్ది క్షణాల క్రితం నాటిది

ఇరవై సెకన్లకొకసారి వచ్చే సమాచారంతో బైకు బొమ్మ సాఫీగా ఎలా కదులుతుంది? వినియోగదారు యాప్ బొమ్మను కావాలనే కొంత వెనుకబడి చూపిస్తుంది. ఒక కట్ట చేరిన తరువాత అందులోని బిందువుల మధ్య బైకును రోడ్డు వెంట మెల్లగా నడిపిస్తుంది. ఆ నడక ముగిసేసరికి తరువాతి కట్ట వస్తుంది. అంటే తెరపై కనిపించేది ఎప్పుడూ ఇరవై సెకన్లకు పైబడిన గతం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బైకు ఇరవై సెకన్లలో 110 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. బొమ్మ ఇంకా వెనుక మలుపు వద్దే ఉండగా గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ మోగడానికి కారణం ఇదే.

కొన్ని యాప్‌లు ఈ ఆలస్యాన్ని ఒప్పుకోకుండా, పాత వేగాన్ని బట్టి బైకు ఇప్పుడు ఎక్కడ ఉండవచ్చో ఊహించి ముందుకు నడిపిస్తాయి. ఊహ ఫలిస్తే బాగుంటుంది. పార్ట్‌నర్ పక్క సందులోకి తిరిగితే మాత్రం బొమ్మ నేరుగా వెళ్లిపోయి, తరువాతి సమాచారం అందగానే వెనక్కి దూకుతుంది. ఆలస్యంగానైనా నిజం చూపడమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వెనక్కి దూకే బొమ్మ వల్ల పార్ట్‌నర్ దారి తప్పారన్న అనుమానం అనవసరంగా కలుగుతుంది.

చూసేవారి ఫోనులో బ్యాటరీ, డేటా ఖర్చు ఎక్కువగా మ్యాప్‌ను గీయడానికే అవుతుంది. మ్యాప్‌ను పదేపదే పెద్దది చేసి, చిన్నది చేసి, పక్కలకు జరిపితే కొత్త భాగాలు దిగుమతి కావలసి వస్తుంది. ఉపగ్రహ చిత్రాల దృశ్యాన్ని ఎంచుకుంటే ఇంకా ఎక్కువ. సాధారణ మ్యాప్‌ను అలాగే ఉంచి, ‘దగ్గరకు వచ్చారు’ అన్న నోటిఫికేషన్ కోసం వేచి ఉండడం ఉభయులకూ చవకైన పద్ధతి.

బొమ్మ నడకను బట్టి లోపాన్ని గుర్తించడం

బైకు ఒకేచోట అయిదు పది మీటర్ల పరిధిలో అటూ ఇటూ వణుకుతూ ఉంటే పార్ట్‌నర్ నిలబడి ఉన్నారని అర్థం. ఎత్తైన భవనాల గోడలపై పడి తిరిగివచ్చే ఉపగ్రహ సంకేతాలు, నారాయణగూడలో మాదిరిగా తలపై ఉన్న మెట్రో వంతెన, లెక్కను తారుమారు చేస్తాయి. కదలిన దూరం కచ్చితత్వపు పరిధి కంటే తక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకోని యాప్‌లో ఈ వణుకు కనిపించదు. ఫ్లైఓవర్ల వద్ద మరో చిక్కు ఉంది. ఫోను లెక్కలో ఎత్తు అంత నమ్మదగినది కాదు. పైన పోతున్న బైకును కింది రోడ్డుపై చూపడం, దానివల్ల చేరే సమయం ఒక్కసారిగా పెరగడం అక్కడ సర్వసాధారణం.

బొమ్మ చాలాసేపు కదలకుండా ఉండి, ఆపై ఒక్కసారిగా ముందుకు వచ్చి, వచ్చిన దారంతా సరిగ్గా రోడ్డు వెంటే నమోదై ఉంటే, మధ్యలో నెట్‌వర్క్ లేదని, దాచి ఉంచిన కట్ట తరువాత చేరిందని గ్రహించాలి. అలా కాక భవనాల మీదుగా సరళరేఖలో దూకితే ఫోను ఆ సమయంలో స్థానాన్నే కనుగొనలేదన్నమాట. ఇది సాధారణంగా ఫోను అమరికల లోపం. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, తెరపై లేని యాప్‌కు గంటకు కొన్నిసార్లు మాత్రమే స్థానం అందుతుంది. ఈ నిబంధన నుంచి మినహాయింపు పొందాలంటే యాప్ తాను లొకేషన్ వాడుతున్నట్టు చెప్పే ఒక నోటిఫికేషన్‌ను నిరంతరం చూపుతూ ఉండాలి. బ్యాటరీ ఆదా అవుతుందని పార్ట్‌నర్ యాప్‌ను బలవంతంగా ఆపివేసినా, బ్యాటరీ సేవర్‌ను ఆన్ చేసినా ఈ గొలుసు తెగిపోవచ్చు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే తెర ఆరగానే లొకేషన్ ఆగిపోతుంది. ఈ ఒక్క యాప్‌కు మాత్రం బ్యాటరీ అమరికల్లో `Unrestricted` ఎంచుకొని, మిగిలిన యాప్‌లను పరిమితం చేయడం సరైన పద్ధతి.

బైకు అసలు సంబంధం లేని కాలనీలోనో, చెరువు మధ్యలోనో కనిపిస్తే అనుమతులను చూడాలి. 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కు కచ్చితమైన స్థానం కాకుండా ఉజ్జాయింపు స్థానం మాత్రమే ఇచ్చే వీలుంది. ఆ ఉజ్జాయింపు సుమారు మూడు చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది. వాతావరణం చెప్పే యాప్‌కు అది చాలు కానీ డెలివరీకి చాలదు. పార్ట్‌నర్ ఫోనులో `Use precise location` ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటే సమస్య తీరుతుంది.

ఆర్డర్ ముగిసిన తరువాత వినియోగదారుకు ఆ స్థానం కనిపించకూడదు. పద్ధతిగా ఉన్న యాప్‌లో ‘అందజేశాం’ అన్న మీట నొక్కగానే ఆ ఆర్డర్‌కు సంబంధించిన ప్రసారాన్ని సర్వర్ మూసివేస్తుంది; ఇతరులకు పంచుకున్న ట్రాకింగ్ లింకు కూడా అప్పుడే పనిచేయడం మానేయాలి. పార్ట్‌నర్ ఆ రోజుకు పని ముగించి లాగౌట్ అయిన తరువాత నోటిఫికేషన్ల వరుసలో లొకేషన్ గుర్తు పోయిందో లేదో ఒకసారి చూసుకోవాలి. అది ఇంకా ఉంటే, ఇంటికి చేరే దారి కూడా నమోదవుతూ ఉండవచ్చు, బ్యాటరీ కూడా తరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఫోను సెట్టింగ్స్‌లో లొకేషన్ విభాగం తెరిస్తే, ఇటీవల ఏ యాప్ ఏ సమయంలో స్థానాన్ని అడిగిందో వరుసగా కనిపిస్తుంది.